శనగపిండి ఆమ్లెట్: పెనం మీద గుడ్డులా కనిపించేది కడుపులోకి వెళ్ళాక ఏమవుతుంది?

కార్తీక మాసం మొదలవగానే తార్నాకలోని మా అపార్ట్‌మెంట్‌లో గుడ్ల వాడకం సగానికి పైగా తగ్గిపోతుంది. అప్పటిదాకా పొద్దున్నే బ్రెడ్ ఆమ్లెట్ తిని ఆఫీసుకు వెళ్ళిన పిల్లలకు తల్లులు శనగపిండితో ఆమ్లెట్ వేసి పెడతారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి, హైదరాబాద్‌లో చికెన్, గుడ్లు కొనడానికి జనం జంకినప్పుడు కూడా ఇదే వంటకం చాలా ఇళ్ళలోకి వచ్చింది. ఇప్పుడు వీగన్ ఆహారం మీద ఆసక్తి పెరగడంతో టిఫిన్ సెంటర్ల మెనూల్లో 'వెజ్ ఆమ్లెట్', 'ఎగ్‌లెస్ ఆమ్లెట్' అనే పేర్లు తరచుగా కనిపిస్తున్నాయి.

మా ఎదురింటి వదిన గారు ఈమధ్య ఒక ప్రశ్న అడిగారు. "మా ఆయనకు షుగర్ ఉంది కదా, డాక్టరు పొద్దున రెండు గుడ్ల ఆమ్లెట్ తినమన్నారు. కార్తీకంలో గుడ్డు ముట్టరు. దాని బదులు శనగపిండిది పెడుతున్నాను. రెండూ ఒకటేనా వదినా?" చూడటానికి ఒకలాగే ఉన్నా రెండూ ఒకటి కావు. తేడా ఎక్కడుందో తెలియాలంటే ముందు పెనం మీద ఏం జరుగుతుందో చూడాలి, ఎందుకంటే పళ్ళెంలోని తేడా అక్కడే మొదలవుతుంది.

ఏ పిండి, ఏ ఆమ్లెట్

శనగపిండిని నీళ్ళలో జారుగా కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, పసుపు వేసి పెనం మీద పోస్తే వచ్చేదే ఈ వంటకం. ఉత్తరాదిలో దీన్ని చిల్లా అని, గుజరాత్‌లో పుడ్లా అని పిలుస్తారు. టమాటా ముక్కలు దండిగా వేస్తే చాలా హోటళ్ళలో అదే టమాటా ఆమ్లెట్ అవుతుంది. మనలో చాలామంది ఇళ్ళలో అది ఉత్త శనగపిండి అట్టు. ఇటలీ తీరంలో ఫరినాటా, ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో సొక్కా అనే పేర్లతో శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె కలిపి కాల్చే పలుచని రొట్టెలు ఎంతో కాలంగా ఉన్నాయి. వీటిలో ఏదీ గుడ్డుకు బదులుగా పుట్టినది కాదు. అంటే వంటకం పాతదే, దానికి గుడ్డు స్థానం ఇవ్వడం మాత్రమే కొత్త.

మన శనగపిండి పొట్టు తీసిన శనగపప్పును, అంటే చిన్నగా ముదురు రంగులో ఉండే దేశవాళీ శనగల పప్పును, మరపట్టిన పిండి. పాశ్చాత్య వంటల వీడియోల్లో వాడేది చాలాసార్లు తెల్లగా పెద్దగా ఉండే కాబూలీ శనగల పిండి. రెండూ నీళ్ళు పీల్చుకునే తీరు వేరు కాబట్టి ఆ వీడియోల్లోని కొలతలు ఇక్కడ అచ్చంగా కుదరవు. లడ్డూల కోసం అమ్మే బరక పిండి కూడా ఈ పనికి అంత అనువు కాదు, ఎంత నానబెట్టినా నాలుకకు ఇసుకలా తగులుతుంది. పుట్నాల పిండి సంగతి పూర్తిగా వేరు. పుట్నాలు ముందే వేడి ఇసుకలో వేగిన శనగలు, అందువల్ల ఆ పిండి పెనం మీద శనగపిండి అంత గట్టిగా పట్టుకోదు. వేగిందే కదా, పచ్చివాసన ఉండదని దాన్ని వాడినవారికి తిప్పేటప్పుడు అట్టు ముక్కలవుతుంది.

గుడ్డు గట్టిపడే దారి, పిండి గట్టిపడే దారి

కోడిగుడ్డులో నాలుగింట మూడు వంతులు నీరే. ఆ నీటిలో ప్రోటీన్లు చిన్న చిన్న ఉండల్లా చుట్టుకుని తేలుతుంటాయి. వేడి తగలగానే ఆ ఉండలు విప్పుకుని ఒకదానికొకటి ముడిపడి వలలా తయారవుతాయి. ఆ వల కన్నుల్లో నీరు చిక్కుకుంటుంది. ఆమ్లెట్ మెత్తగా, తడిగా, కాస్త సాగుతూ ఉండటానికి కారణం ఇదే. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే చిక్కబడటం మొదలుపెట్టి 80 డిగ్రీల దగ్గర బిగుస్తుంది. పచ్చసొన 65, 70 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది. నీళ్ళు మరిగే వేడి కూడా అక్కర్లేదన్నమాట. అందుకే రెండు నిమిషాల్లో ఆమ్లెట్ అయిపోతుంది. అదే గుడ్డును ఇంకాసేపు పెనం మీద వదిలేస్తే వల బిగిసి నీటిని బయటకు పిండేస్తుంది. ఎక్కువ కాలిన ఆమ్లెట్ రబ్బరులా సాగడం, పళ్ళెంలో నీరు కారడం దాని గుర్తులు.

శనగపిండిలో ప్రోటీన్ ఉన్నా సింహభాగం దానిది కాదు. వంద గ్రాముల పిండిలో ప్రోటీన్ దాదాపు 22 గ్రాములు ఉంటే, దానికి రెట్టింపుకు మించి పిండిపదార్థం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం స్టార్చ్, అంటే అన్నం వార్చినప్పుడు గంజిని చిక్కబరిచే పదార్థమే. దాని రేణువులు సుమారు 65 డిగ్రీలు దాటాక చుట్టూ ఉన్న నీటిని తాగి ఉబ్బి, ఒకదానితో ఒకటి ఒరుసుకుని చిక్కటి ముద్దగా మారతాయి. శనగలోని ప్రోటీన్లు విప్పుకోవాలంటే ఇంకా ఎక్కువ వేడి, దాదాపు 90 డిగ్రీలు, కావాలి. కాబట్టి శనగపిండి ఆమ్లెట్‌కు రూపం ఇచ్చేది ప్రధానంగా గంజి, దానికి ప్రోటీన్ తోడు నిలుస్తుంది. నిర్మాణం బట్టి చూస్తే ఇది గుడ్డు ఆమ్లెట్‌కు కాదు, పెసరట్టుకు చుట్టం.

గుడ్డు తన నీటిని తనే తెచ్చుకుంటుంది, పిండికి మాత్రం నీళ్ళు మనం కొలిచి పోయాలి, పైగా నానడానికి సమయమూ ఇవ్వాలి. గుడ్డు కాస్త తక్కువ ఉడికినా నోటికి మెత్తగానే ఉంటుంది, తక్కువ ఉడికిన శనగపిండి మాత్రం నాలుక మీద సున్నంలా అంటుకుని పచ్చివాసన కొడుతుంది, కొందరికి కడుపు ఉబ్బరం కూడా తెస్తుంది. హాఫ్ బాయిల్, బుల్స్ ఐ, పొరటు వంటి వాటిని శనగపిండితో చేయలేకపోవడానికీ కారణం ఇదే. ఆ వంటకాలన్నీ గుడ్డు సగం గట్టిపడే దశ మీద ఆధారపడినవి. పిండికి అలాంటి రుచికరమైన సగం దశ లేదు.

ఒక ఆమ్లెట్ మొదటి నుంచి చివరి దాకా

వదిన గారి ఇంట్లో తూకం యంత్రం ఉంది కాబట్టి ఒకరోజు కూర్చుని కొలిచి చూశాం. రెండు గుడ్ల ఆమ్లెట్‌కు సమానమైన ప్రోటీన్ రావాలంటే సుమారు 60 గ్రాముల శనగపిండి కావాలి, అంటే అరకప్పుకు కాస్త అటూ ఇటుగా. దాన్ని జల్లించి, ముందుగా కొద్ది నీళ్ళే పోసి ఉండలు లేకుండా గట్టి ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్ళు చేర్చాం. మొత్తం 110 మిల్లీలీటర్లు పట్టింది. నీళ్ళన్నీ ఒకేసారి పోస్తే ఉండలు కడతాయి, ఎందుకంటే ఉండ పైపొర వెంటనే తడిసి జిగురుగా మారి లోపలి పొడి పిండికి నీరు అందనివ్వదు.

కలిపిన పిండిని గరిటెతో ఎత్తి వదిలితే రిబ్బన్‌లా జారి, గిన్నెలో పడ్డాక ఆ గీత రెండు మూడు సెకన్లు నిలిచి మాయమవ్వాలి. గీత నిలిచిపోతే పిండి గట్టిగా ఉందని అర్థం, అలా పోస్తే అంచులు మాడేసరికి మధ్యలో పచ్చిగా ఉంటుంది. గీత పడకుండా నీళ్ళలా జారిపోతే అట్టు కన్నాలు కన్నాలుగా వచ్చి, పెనానికి అంటుకుని, చిరుగుతుంది. ఇరవై నిమిషాలు పక్కన పెట్టాక అదే పిండి కాస్త చిక్కబడింది. రేణువులు, ప్రోటీన్లు నీళ్ళు తాగడమే ఆ చిక్కదనం. అప్పుడు ఇంకో చెంచా నీళ్ళు కలిపి ఉల్లిపాయ, మిర్చి, కొత్తిమీర వేశాం. ఉల్లిపాయను ముందే వేసి నానబెడితే ఉప్పు తగిలి నీరు వదిలి కొలత మారిపోతుంది.

మధ్యస్థమైన మంట మీద, చెంచా నూనె రాసిన పెనం మీద పిండిని రెండు అట్లుగా పోశాం. మొదటిది పోయగానే మూత పెట్టడం ముఖ్యమని చూసిన కొద్దీ తెలుస్తుంది. మూత కింద చేరే ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది. మూత లేకపోతే అడుగు కాలుతుంది కానీ పై పొర ఆ 90 డిగ్రీలకు చేరేలోపే ఆరిపోయి పగుళ్ళు తేలుతుంది. మూడు నిమిషాలకు మూత తీస్తే తడి మెరుపు పోయి పైన మాసిన పసుపు రంగు వచ్చింది, అంచులు తమంతట తామే పెనాన్ని వదిలాయి. తిప్పడానికి అదే గుర్తు. మెరుపు ఉండగా తిప్పితే చిరిగిపోతుంది. రెండో వైపు ఇంకో రెండు నిమిషాలు కాల్చాం. మధ్యలో చిన్న ముక్క తుంచి చూస్తే లోపల జిగటగా, ముదురు పసుపు ముద్దలా లేదు, పొరలా విడిపోయింది. ఉడికిందని రుజువు అదే. పచ్చివాసన ముక్కుకు తగలకపోవడం రెండో రుజువు.

గుడ్డును గిలకొడితే నురుగు వచ్చి ఆమ్లెట్ పొంగుతుంది. ఆ పొంగు కోసం కొందరు శనగపిండిలో వంటసోడా వేస్తారు. చిటికెడు వేస్తే కన్నాలు వచ్చి మెత్తబడుతుంది నిజమే. చిటికెడు దాటితే సబ్బు రుచి వస్తుంది, పసుపు ఎర్రబడుతుంది. పసుపు క్షారం తగిలితే రంగు మారుతుంది కాబట్టి అట్టు మీద కనిపించే ఎర్రటి మచ్చలు సోడా ఎక్కువైందని, లేదా సరిగా కలవలేదని చెప్పే సాక్ష్యం.

గుడ్డు వాసన ఎక్కడి నుంచి వస్తుంది

ఉడికిన గుడ్డుకు ప్రత్యేకమైన వాసన గంధకం వల్ల వస్తుంది. తెల్లసొనలోని ప్రోటీన్లలో గంధకం ఉన్న భాగాలు వేడికి కొంత విడిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. నల్ల ఉప్పులో కూడా గంధక సమ్మేళనాలు ఉంటాయి, అందుకే చిటికెడు నల్ల ఉప్పు శనగపిండి అట్టుకు గుడ్డు వాసన తెస్తుంది. శనగపిండి ఆమ్లెట్‌ను గుడ్డుకు దగ్గర చేసే చిట్కా ఏదైనా ఉందంటే ఇదొక్కటే, మిగతావన్నీ రంగు, ఆకారమే.

అయితే చాలామంది దాన్ని పిండిలో ముందే కలిపేసి, వాసన రాలేదని నిరాశ పడతారు. ఆ వాయువు తేలికగా ఎగిరిపోయేది, పెనం మీద ఐదు నిమిషాలు కాలేసరికి వంటింట్లో పరుచుకుంటుంది కానీ పళ్ళెంలో మిగలదు. దించాక వేడివేడి అట్టు మీద చల్లితే అక్కడి తడిలో కరిగి, తినేవారి ముక్కు దగ్గరే వాసన లేస్తుంది. పైన ఒక చుక్క నిమ్మరసం పిండితే ఆ వాసన ఇంకాస్త పెరుగుతుంది, పులుపు గంధకాన్ని విడిపించడమే దానికి కారణం.

బేగంబజార్ దుకాణాల్లో నల్ల ఉప్పు రాళ్ళుగా ఉన్నప్పుడు ముదురు రంగులో ఉంటుంది, పొడి చేస్తే లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. ఉపవాసాలకు వాడే సైంధవ లవణం పొడి కూడా గులాబీ రంగులోనే ఉంటుంది కానీ దానికి ఈ వాసన లేదు. రంగు చూసి కొంటే మోసపోతాం, వాసన చూడాలి. నల్ల ఉప్పు కూడా చాలావరకు మామూలు ఉప్పే కాబట్టి, పిండిలో వేసే ఉప్పును ఆ మేరకు తగ్గించుకోవాలి. బీపీ ఉన్నవారికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

పళ్ళెంలో లెక్క: బ్రెడ్ ఆమ్లెట్ మొత్తం ఒక్క అట్టులో

ఇప్పుడు వదిన గారి ప్రశ్నకు వద్దాం. రెండు గుడ్ల ఆమ్లెట్‌లో ప్రోటీన్ దాదాపు 13 గ్రాములు, కొవ్వు 9 నుంచి 10 గ్రాములు ఉంటాయి, పిండిపదార్థం మాత్రం ఒక గ్రాము చుట్టుపక్కలే. 60 గ్రాముల శనగపిండితో వేసిన రెండు అట్లలోనూ ప్రోటీన్ దాదాపు 13 గ్రాములే. కొవ్వు 3 నుంచి 4 గ్రాములకు మించదు, గుడ్లలో ఉండే కొలెస్ట్రాల్ ఇందులో అసలు లేదు, గుడ్లలో అసలు లేని పీచు ఇందులో మంచి మోతాదులో ఉంది. అయితే పీచును పక్కనపెట్టి లెక్కేస్తే పిండిపదార్థం సుమారు 28 గ్రాములు వస్తుంది. పెనం మీద వేసే నూనె రెండింటికీ విడిగా కలుస్తుంది.

ఆ 28 గ్రాముల్ని కళ్ళకు కట్టేలా చెప్పాలంటే, రెండు మామూలు బ్రెడ్ ముక్కల్లో ఉండే పిండిపదార్థం దాదాపు అంతే. అంటే శనగపిండి ఆమ్లెట్‌ను గుడ్డు ఆమ్లెట్‌తో పోల్చడమే పొరపాటు, దాన్ని బ్రెడ్ ఆమ్లెట్‌తో పోల్చాలి. రొట్టె, ఆమ్లెట్ రెండూ ఇందులోనే ఉన్నాయి. వదిన గారు అలవాటు కొద్దీ శనగపిండి ఆమ్లెట్‌ను కూడా రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి ఇస్తున్నారు. అప్పుడు పిండిపదార్థం 28 నుంచి 56 గ్రాముల దాకా పెరుగుతుంది. డాక్టరు గుడ్లు చెప్పింది పిండిపదార్థం తక్కువ ఉండాలనే అయితే, ఆ ఉద్దేశం ఇక్కడ నెరవేరదు. శనగల పిండిపదార్థం బ్రెడ్‌లోని దానికంటే నెమ్మదిగా రక్తంలోకి చేరుతుందన్నది నిజమే కానీ, నెమ్మదిగా చేరడం, తక్కువ ఉండటం ఒకటి కావు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది కాబట్టి, బ్రెడ్ లేకుండా ఒకరోజు, బ్రెడ్‌తో ఒకరోజు తిని రెండు గంటల తర్వాత చూసి, ఆ అంకెలు డాక్టరుకు చూపించమని చెప్పాను.

ప్రోటీన్ గ్రాములు సమానమైనా వాటి నాణ్యత సమానం కాదు. మన శరీరానికి బయటి నుంచే అందాల్సిన అమైనో ఆమ్లాలన్నీ గుడ్డులో తగినన్ని ఉంటాయి. శనగల్లో గంధకం ఉన్న మిథియోనిన్, సిస్టీన్ తక్కువ. వాసన విషయంలోనూ, పోషణ విషయంలోనూ శనగ గుడ్డుకు ఎక్కడ వెనకబడిందో చూస్తే, రెండు చోట్లా గంధకమే కనిపించడం ఆశ్చర్యమే. వరి, గోధుమల్లో ఈ రెండు అమైనో ఆమ్లాలు మెరుగ్గా ఉండి, శనగల్లో పుష్కలంగా ఉండే లైసిన్ తక్కువగా ఉంటుంది. మనం పప్పన్నం తినేది ఈ లెక్క తెలిసి కాకపోయినా ఫలితం మాత్రం అదే. మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా తృణధాన్యాలనూ పప్పులనూ కలిపి తినమనే చెబుతుంది. శనగపిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే అట్టు కరకరలాడటంతో పాటు ఈ లోటు కొంత పూడుతుంది. అదే పూట కలపకపోయినా, మధ్యాహ్నం అన్నం తింటే సరిపోతుంది.

పూడని లోటు ఒకటుంది. విటమిన్ బి12 గుడ్డులో ఉంటుంది, శనగపిండిలో ఉండదు, ఏ పప్పులోనూ ఉండదు. పాలు, పెరుగు తీసుకునే శాకాహారులకు అక్కడి నుంచి కొంత అందుతుంది. పాలు కూడా మానేసిన వీగన్లు మాత్రం గుడ్డు బదులు శనగపిండి తింటున్నామని ధీమాగా ఉండకుండా, బి12 చేర్చిన ఆహారమో మాత్రలో తీసుకోవాలి. మరోవైపు ఫోలేట్, పీచు విషయంలో శనగపిండిదే పైచేయి.

ఆమ్లెట్ అని పిలవవచ్చా

గుడ్డు లేనిదాన్ని ఆమ్లెట్ అనడం తప్పుదారి పట్టించడమేనని కొందరి అభ్యంతరం. పైన చెప్పిన బి12, పిండిపదార్థం లెక్కలు చూస్తే ఆ అభ్యంతరంలో బలం ఉంది, ఎందుకంటే పేరు ఒకటైతే పోషకాలూ ఒకటేనని వదిన గారిలాగే ఎందరో అనుకుంటారు. రెండోవైపు వారు, పేరు వాడుకను చెబుతుంది కానీ పదార్థాన్ని కాదని, ఉల్లిపాయ, మిర్చి వేసి పెనం మీద మడిచి పొద్దున్నే తినేది ఏదైనా ఆమ్లెటేనని అంటారు. టమాటా ఆమ్లెట్ అన్నప్పుడు అందులో గుడ్డు ఉందని మన హోటళ్ళలో ఎవరూ అనుకోరన్న మాట కూడా నిజమే. నా మటుకు పేరుతో పేచీ లేదు, 'శనగపిండి' అన్న ముందు మాట మాత్రం మింగేయకూడదు. అది ఉంటే తినేవారికి కావలసిన సమాచారమంతా అందులోనే ఉంటుంది. గుడ్డు అలర్జీ ఉన్నవారికీ, నియమంగా గుడ్డు ముట్టనివారికీ పేరు కంటే పెనం ముఖ్యం. బండి మీద రెండు రకాల ఆమ్లెట్లూ ఒకే పెనం మీద, ఒకే గరిటెతో వేస్తుంటారు, అడిగి తెలుసుకోవాలి. శనగలకే అలర్జీ ఉన్నవారూ కొద్దిమంది ఉంటారు.

టిఫిన్ డబ్బాలో రెండు గంటల తర్వాత

ఇంకొక తేడా పొద్దున ఏడింటికి కనిపించదు, తొమ్మిదింటికి ఆఫీసులో డబ్బా తెరిస్తే కనిపిస్తుంది. చల్లారిన గుడ్డు ఆమ్లెట్ కాస్త బిగుస్తుంది కానీ ప్రోటీన్ వల అలాగే ఉంటుంది కాబట్టి మెత్తదనం పెద్దగా పోదు. శనగపిండి ఆమ్లెట్‌లో ఉబ్బిన గంజి చల్లారే కొద్దీ మళ్ళీ దగ్గరకు చేరి గట్టిపడుతుంది. రాత్రి అన్నం పొద్దుటికి బిరుసెక్కేది ఇందుకే. అట్టు కూడా అలాగే బిరుసెక్కి, మడిస్తే విరుగుతుంది, గొంతుకు అడ్డం పడినట్టు ఉంటుంది. నీళ్ళు చిలకరించి మూతపెట్టి వేడి చేస్తే గంజి మళ్ళీ తడి పీల్చి చాలావరకు మెత్తబడుతుంది. డబ్బాలో పెట్టాల్సి వస్తే పిండిలో రెండు చెంచాల పెరుగు కలిపి, కాస్త పలుచగా వేసి, ఆవిరి పోయాక మాత్రమే మూత బిగించాలి. ఆవిరి ఉండగా మూసిన డబ్బాలో నీటి బొట్లు రాలి, అట్టు ఒక వైపు తడిసి జావలా, ఇంకో వైపు బిరుసుగా తయారవుతుంది. పెరుగు కలిపితే అది వీగన్ కాదు. ఆ నియమం ఉన్నవారు పెరుగు బదులు చెంచా నూనె కలుపుకోవచ్చు, మెత్తదనం అంతగా రాకపోయినా అట్టు విరగడం తగ్గుతుంది.